బోర్ ప్రభావం: ఆమ్లం వల్ల పట్టు సడలితే ఊపిరితిత్తుల్లో నష్టం రాదా?

రెండో_సెమిస్టర్

ఆక్సిజన్–హీమోగ్లోబిన్ వక్రరేఖను కుడివైపు జరిపేవి ఏమిటని నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆమ్లత్వం, కార్బన్ డయాక్సైడ్, ఉష్ణోగ్రత, ఎర్ర కణంలో ఉండి హీమోగ్లోబిన్‌కు అతుక్కునే డీపీజీ, ఈ నాలుగింటిలో ఏది పెరిగినా రేఖ కుడికి జరుగుతుంది. అప్పుడు పీ50 పెరుగుతుంది, అంటే హీమోగ్లోబిన్ సగం నిండడానికి మునుపటి కంటే ఎక్కువ ఆక్సిజన్ పీడనం కావాలి. ఇంతవరకు నాకు ఇబ్బంది లేదు.

నా ఫిర్యాదంతా ఆ తరువాత వచ్చే వాక్యం మీద. "అందువల్ల కణజాలానికి ఆక్సిజన్ ఎక్కువగా అందుతుంది" అని రాసి పాఠం ముగించేస్తారు. పట్టు సడలిన హీమోగ్లోబిన్ ఊపిరితిత్తుల్లో ఎక్కించుకునేది కూడా తక్కువే కావాలి కదా? ఒక చివర లాభం, మరో చివర నష్టం వస్తే చివరికి మిగిలేది ఏమిటి? రెండో సందేహం ఇంకా మౌలికమైనది. ఆక్సిజన్ ఇనుము మీద కూర్చుంటుంది, మరి ప్రోటాన్ ఎక్కడ కూర్చుని ఆ పట్టును సడలిస్తుంది? "ఆమ్లం వల్ల పట్టు తగ్గుతుంది" అనేది నాకు కారణంలా కాక, జరిగిన విషయాన్నే మరోసారి చెప్పినట్లు అనిపిస్తోంది.

గుండెచప్పుడు

ప్రోటాన్లు ఇనుము దగ్గర ఆక్సిజన్ కూర్చునే చోటు కోసమే పోటీ పడతాయి. ఆమ్లం పెరిగితే పోటీ పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పీడనం చాలా ఎక్కువ కాబట్టి అక్కడ ఆ పోటీలో ఆక్సిజనే గెలుస్తుంది. మీ రెండు సందేహాలకూ ఇదొక్కటే సమాధానం.

ప్రోటీన్_మడత

గుండెచప్పుడు గారు ఊపిరితిత్తుల గురించి చెప్పిన ముగింపులో కొంత నిజముంది కానీ, దానికి చూపిన కారణం సరైనది కాదు. ఇనుము దగ్గర ఆక్సిజన్‌తో నేరుగా పోటీ పడేది కార్బన్ మోనాక్సైడ్. ప్రోటాన్ ఆ ఛాయలకే వెళ్ళదు. అది నిజంగా పోటీయే అయితే ఆమ్లం పెరిగే కొద్దీ పట్టు తగ్గుతూనే పోవాలి. కాని హీమోగ్లోబిన్ ద్రావణంలో పీహెచ్‌ను సుమారు 6 కంటే కిందికి దించితే ప్రభావం తలకిందులై పట్టు మళ్ళీ పెరగడం మొదలవుతుంది. శరీరంలో ఆ స్థితి ఎన్నడూ రాదు కాబట్టి వైద్య పాఠాల్లో దాని ప్రస్తావన అరుదు. అయినా పోటీ సిద్ధాంతం నిలబడదని తేల్చడానికి ఆ ఒక్క పరిశీలన చాలు.

ప్రోటాన్ ప్రధానంగా కూర్చునే చోటు బీటా గొలుసు చిట్టచివర, 146వ స్థానంలో ఉన్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం. ఆక్సిజన్ లేని రూపంలో ఆ గొలుసు తోక లోపలికి ముడుచుకుని ఉంటుంది, అదే గొలుసులోని 94వ ఆస్పార్టేట్ ఋణావేశంతో దాని పక్కనే నిలుస్తుంది. పక్కన ఋణావేశం ఉన్న హిస్టిడిన్ తన ప్రోటాన్‌ను సులభంగా వదలదు, అందువల్ల దాని పీకేఏ, అంటే అలాంటి హిస్టిడిన్లలో సగం ప్రోటాన్‌ను వదిలేసి ఉండే పీహెచ్, 8 దగ్గరికి పెరుగుతుంది. ఆక్సిజన్ ఎక్కి అణువు సడలిన రూపంలోకి మారగానే తోక ఆ స్థానం నుంచి కదిలిపోతుంది, ఆస్పార్టేట్ దూరమవుతుంది, పీకేఏ 7 దగ్గరికి పడిపోతుంది. రక్తపు పీహెచ్ ఈ రెండింటి మధ్యలో ఉంటుంది కాబట్టి, రూపం మారిన ప్రతిసారీ ఆ హిస్టిడిన్లలో కొన్ని ప్రోటాన్‌ను పట్టుకుంటాయి లేదా వదులుతాయి.

గుండెచప్పుడు

అంత దూరంలో కూర్చున్న ప్రోటాన్ ఇనుము దగ్గరి పట్టును ఎలా మారుస్తుంది? మీరు చెప్పినది ఆక్సిజన్ ఎక్కితే ప్రోటాన్ ఊడిపోవడం. ఇక్కడ అడిగినది ప్రోటాన్ ఎక్కితే ఆక్సిజన్ ఊడిపోవడం గురించి. రెండూ ఒకటి కావు.

ప్రోటీన్_మడత

ఆ రెండూ ఒకటే, ఈ చర్చలో అసలు విషయం కూడా అదే. నాలుగు స్థితులను ఊహించుకోండి: ఏదీ లేని హీమోగ్లోబిన్, ఆక్సిజన్ మాత్రమే ఉన్నది, ప్రోటాన్ మాత్రమే ఉన్నది, రెండూ ఉన్నది. ఏదీ లేని స్థితి నుంచి రెండూ ఉన్న స్థితికి రెండు దారులున్నాయి. ముందు ఆక్సిజన్ ఎక్కి తరువాత ప్రోటాన్ ఎక్కవచ్చు, లేదా ముందు ప్రోటాన్, తరువాత ఆక్సిజన్. ఏ దారిన వెళ్ళినా మొత్తం శక్తి భేదం ఒకటే కావాలి, లేకపోతే ఒక దారిన వెళ్ళి మరో దారిన తిరిగివస్తూ శక్తిని ఉచితంగా పుట్టించుకోవచ్చు. ఆక్సిజన్ ఎక్కినప్పుడు హిస్టిడిన్ పీకేఏ ఒక అంకె పడిపోతే, అంటే ప్రోటాన్ మీద పట్టు పది వంతుల్లో ఒక వంతుకు తగ్గితే, ఆ చోట ప్రోటాన్ ఎక్కినప్పుడు ఆక్సిజన్ మీద పట్టు కూడా సరిగ్గా అంతే నిష్పత్తిలో తగ్గక తప్పదు. ఏది కారణం, ఏది ఫలితం అన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. ఉన్నది ఒక్క సంబంధమే, దాన్ని ఏ వైపు నుంచి చదువుతున్నామన్నదే తేడా.

యంత్రాంగం దృష్టితో చెప్పాలంటే, ప్రోటాన్ ఎక్కిన హిస్టిడిన్ ఆస్పార్టేట్‌తో అయానిక బంధం కట్టి ముడుచుకున్న రూపాన్ని స్థిరపరుస్తుంది. ఆ రూపంలో ఇనుము హీమ్ తలం నుంచి కొద్దిగా బయటకు జరిగి ఉంటుంది. ఆక్సిజన్ కట్టుకోవాలంటే ఇనుము తలంలోకి రావాలి, అది వస్తే తోక కదలాలి, తోక కదలాలంటే ఆ అయానిక బంధం తెగాలి. దూరం నుంచి ప్రభావం చేరేది ఈ వరుసలోనే.

చరిత్రచదువరి

చిన్న జోడింపు. క్రిస్టియన్ బోర్, హాసెల్‌బాల్క్, క్రోగ్ ముగ్గురూ 1904లో కార్బన్ డయాక్సైడ్ పీడనాన్ని మారుస్తూ వక్రరేఖలను గీసి చూపినది ఒక వైపు. ఆక్సిజన్ వదిలిన రక్తం కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా మోస్తుందని క్రిస్టియన్‌సెన్, డగ్లస్, హాల్డేన్ 1914లో చూపినది రెండో వైపు. ప్రోటీన్_మడత గారి లెక్క ప్రకారం మొదటిది నిజమైతే రెండోది నిజం కాక తప్పదు, అయినా రెండింటి మధ్య పదేళ్ళు గడిచాయి. అన్నట్టు, ఈయన అణువు నమూనా బోర్ కాదు, ఆయన తండ్రి. ఆ ఇంట్లో భోజనాల వేళ మాటలు ఎలా సాగేవో మనం ఊహించుకోవలసిందే.

లెక్కల_పిచ్చి

మొదటి ప్రశ్న అలాగే మిగిలిపోయింది, దాన్ని అంకెల్లో చూద్దాం. హిల్ సమీకరణం చాలు.

```
S = P^n / (P^n + P50^n)
n = 2.7,  P50 = 26.6  (pH 7.4)
log10(P50) = log10(26.6) + 0.48 * (7.4 - pH)
```

పీహెచ్ 7.4 దగ్గర, ధమని రక్తంలో పీడనం 100 మి.మీ. ఉంటే సంతృప్తత 97.3 శాతం, కణజాలం దాటి వచ్చిన రక్తంలో 40 మి.మీ. దగ్గర 75 శాతం. పీహెచ్ 7.2కి పడితే పీ50 సుమారు 33.2 అవుతుంది. అప్పుడు 100 దగ్గర సంతృప్తత 95.2, 40 దగ్గర 62.3. అంటే ఊపిరితిత్తుల్లో పోయింది రెండు పాయింట్లు, కణజాలం దగ్గర అదనంగా దిగింది పన్నెండున్నర పైన. వక్రరేఖ పైభాగం దాదాపు చదునుగా, మధ్యభాగం నిటారుగా ఉండడమే దీనికి కారణం. ఒకే జరుగుడు చదునైన చోట కొంచెం, నిటారుగా ఉన్న చోట చాలా తేడా తెస్తుంది. ఒళ్ళంతా ఆమ్లత్వంలో ఉన్న రోగిలో కూడా ఈ అసమానతే కాపాడుతుంది.

రెండో_సెమిస్టర్

ఒళ్ళంతా ఆమ్లత్వంలో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల్లో నష్టం రెండు పాయింట్లేనని అర్థమైంది. ఆరోగ్యవంతుడిలో ఆ రెండూ కూడా పోవన్నమాటేనా? అక్కడ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది కదా.

లెక్కల_పిచ్చి

పోవు. వ్యాయామం చేస్తున్న కండరంలో 7.2 ఉన్నా, ఊపిరితిత్తి చేరిన రక్తం కార్బన్ డయాక్సైడ్‌ను వదలగానే పీహెచ్ తిరిగి పెరిగి వక్రరేఖ ఎడమకు వస్తుంది. కాబట్టి ఎక్కేటప్పుడు ఒక రేఖ, దిగేటప్పుడు మరో రేఖ. అప్పుడు దిగేది 97.3 నుంచి 62.3 వరకు, అంటే 35 పాయింట్లు. ఒకే రేఖ మీద ఉండిపోతే 22 మాత్రమే.

ప్రోటీన్_మడత

అక్కడ ఇంకొకటి కూడా జరుగుతుంది. ఆక్సిజన్ ఎక్కడమే ప్రోటాన్లను తోసివేస్తుంది, ఆ ప్రోటాన్లు బైకార్బొనేట్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా మారి బయటికి పోతాయి. 1914 నాటి వైపు పనిచేసేది అక్కడే.

ఈతగాడు

నేను ఈతకు ముందు గబగబా పదిసార్లు ఊపిరి పీల్చి వదులుతాను, అప్పుడు నీటి కింద ఎక్కువసేపు ఉండగలుగుతున్నాను. కార్బన్ డయాక్సైడ్ పోతే వక్రరేఖ ఎడమకు జరిగి హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుందని మీ మాటలను బట్టి అర్థమైంది. నాకు లాభం వస్తున్నది అందువల్లేనా? వేళ్ళు జివ్వుమనడం కూడా మొదలవుతుంది, అది ఒంట్లో ఆక్సిజన్ నిండిందనడానికి గుర్తు అనుకుంటున్నాను.

ఐసీయూ_రాత్రి

ఈతగాడు గారూ, దయచేసి ఆ అలవాటు మానండి. మీరు నీటి కింద ఎక్కువసేపు ఉండగలుగుతున్నది ఆక్సిజన్ ఎక్కువ ఉన్నందువల్ల కాదు, కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి ఊపిరి పీల్చాలన్న తపన ఆలస్యంగా కలుగుతున్నందువల్ల. ఆ తపన రాకముందే మెదడుకు ఆక్సిజన్ చాలక స్పృహ తప్పవచ్చు. నీటి కింద స్పృహ తప్పినవాళ్ళకు హెచ్చరిక అందదు. ఆరోగ్యవంతుడి ధమని రక్తం మామూలుగానే 97 శాతం నిండి ఉంటుంది, గబగబా పీల్చినా మిగిలిన మూడు పాయింట్లలో కొంతే కలుస్తుంది. వేళ్ళ జివ్వుమనడం కూడా ఆక్సిజన్ వల్ల కాదు. పీహెచ్ పెరిగినప్పుడు రక్తంలోని కాల్షియం అయాన్లు ఆల్బుమిన్‌కు ఎక్కువగా అతుక్కుని, స్వేచ్ఛగా ఉన్న కాల్షియం తగ్గి నరాలు ఉలిక్కిపడడం అది.

లెక్కల_పిచ్చి

పీహెచ్ 7.6 వరకు వెళితే పీ50 సుమారు 21.3 అవుతుంది, 40 మి.మీ. దగ్గర రక్తం ఇంకా 84.6 శాతం ఆక్సిజన్‌ను తనతోనే ఉంచుకుంటుంది. గట్టిగా పట్టుకోవడం నిజమే, కాని దాచుకున్నది చేరవలసింది కణాలకు కదా. పైగా కార్బన్ డయాక్సైడ్ తగ్గితే మెదడు రక్తనాళాలు కూడా ముడుచుకుంటాయి.

ఈతగాడు

లాభం అనుకున్నది ప్రమాదమని ఎవరూ చెప్పలేదు. మానేస్తాను.

సందేహాల_సంచి

లెక్కల_పిచ్చి గారు 7.2 తీసుకున్నారు కాబట్టి తేడా పెద్దదిగా కనిపించింది. విశ్రాంతిలో ఉన్న మనిషి ధమని రక్తం 7.40, సిర రక్తం 7.36. ఆ నాలుగు శతాంశాలకు ఎంత వస్తుంది? బోర్ ప్రభావం పరీక్షల్లో ఉన్నంత పెద్దగా శరీరంలో ఉందా అని నాకు చాలాకాలంగా అనుమానం.

లెక్కల_పిచ్చి

మంచి ప్రశ్న. పీ50 26.6 నుంచి 27.8కి మాత్రమే జరుగుతుంది. 40 మి.మీ. దగ్గర సంతృప్తత 75కి బదులు 72.8. అంటే దిగుతున్న 22 పాయింట్లకు అదనంగా రెండు చిల్లర, సుమారు పది శాతం. విశ్రాంతిలో బోర్ ప్రభావం చిన్నదే, దాన్ని పెద్దదిగా చూపే బొమ్మలన్నీ పనిచేస్తున్న కండరం బొమ్మలు.

ప్రోటీన్_మడత

ఆ పది శాతాన్ని చూసి బోర్ ప్రభావం చిన్నదని అనుకుంటే, నాలుగు శతాంశాలే ఎందుకు పడ్డాయన్న ప్రశ్న మిగిలిపోతుంది. పైన లెక్కల_పిచ్చి గారు వాడిన 0.48 ఊరికే వచ్చిన అంకె కాదు. నాలుగు స్థితుల వాదాన్ని గణితంలో రాస్తే, పీహెచ్‌తో పాటు పీ50 మారే వాలు, ఒక ఆక్సిజన్ దిగినప్పుడు హీమోగ్లోబిన్ పట్టుకునే ప్రోటాన్ల సంఖ్యకు సమానమని వస్తుంది. అంటే ఒక్కో ఆక్సిజన్ దిగినప్పుడు దాదాపు అర ప్రోటాన్, నాలుగూ దిగితే రెండు. విశ్రాంతిలో ఒక ఆక్సిజన్ ఖర్చయితే సుమారు 0.8 కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, అందులో ఎక్కువభాగం బైకార్బొనేట్‌గా మారుతూ ఒక్కో ప్రోటాన్‌ను వదులుతుంది. ఆ ప్రోటాన్లలో సగానికి పైగా, పీహెచ్ ఏమీ మారకుండానే, ఆక్సిజన్ దించిన హీమోగ్లోబినే మింగేస్తుంది. సిర రక్తం 7.36 దగ్గర ఆగడానికి పెద్ద కారణం అదే.

కాబట్టి విశ్రాంతిలో ఈ గుణం చేసే ప్రధాన సేవ ఆక్సిజన్‌ను అదనంగా దించడం కంటే, కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లం పెరగకుండా మోయడం. పాఠాలు ఆక్సిజన్ వైపే చెబుతాయి, నాకు మాత్రం రెండో వైపే గొప్పగా కనిపిస్తుంది.

సందేహాల_సంచి

అంటే సిరలో పీహెచ్ పడకుండా కాపాడేదీ, పీహెచ్ పడితే ఆక్సిజన్ దించేదీ ఒకటే. ఒక పని బాగా జరిగితే రెండో పనికి అవకాశం తగ్గుతుంది. ఇది నాకు నచ్చింది.

ఐసీయూ_రాత్రి

ఆసుపత్రిలో దీనికి వ్యతిరేక దిశలో ఒక చిక్కు ఎదురవుతుంది. కొన్నాళ్ళుగా మధుమేహ కీటోఆమ్లత్వంలో ఉండి, పీహెచ్ 7.1తో వచ్చిన రోగిని తీసుకోండి. పుస్తకం ప్రకారం రేఖ బాగా కుడికి జరిగి ఉండాలి. కాని ఆమ్లత్వం గంటల తరబడి కొనసాగితే ఎర్ర కణంలో డీపీజీ తయారీ మందగించి దాని మోతాదు పడిపోతుంది, డీపీజీ తగ్గితే రేఖ ఎడమకు వస్తుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టివేసుకోవడంతో ఆ రోగి రేఖ సాధారణ స్థానానికి దగ్గరగానే ఉంటుంది. ఆ స్థితిలో బైకార్బొనేట్ ఇచ్చి పీహెచ్‌ను గబగబా 7.4కు తెస్తే, ఆమ్లం లాగుతున్న లాగుడు నిమిషాల్లో పోతుంది, డీపీజీ మాత్రం కోలుకోవడానికి ఒక రోజు నుంచి కొన్ని రోజులు తీసుకుంటుంది. మధ్యలో మిగిలేది ఎడమకు బాగా జరిగిన రేఖ.

లెక్కల_పిచ్చి

డీపీజీ కొరత ఆమ్లం ప్రభావాన్ని పూర్తిగా కొట్టివేసిందనుకుని లెక్క వేశాను. పీహెచ్ సరిదిద్దిన వెంటనే పీ50 సుమారు 19.1. ధమనిలో 98.9, 40 మి.మీ. దగ్గర 88, దిగేది 11 పాయింట్లు, అంటే మామూలులో సగం. మునుపటిలా 22 పాయింట్లు దించాలంటే సిర రక్తంలో పీడనం 40 నుంచి 30కి పడాలి. కణానికి ఆక్సిజన్‌ను తోసేది ఆ పీడనమే.

గుండెచప్పుడు

అయితే బైకార్బొనేట్ ఇవ్వకూడదనడానికి ఇదే కారణమన్నమాట.

ఐసీయూ_రాత్రి

కారణాల్లో ఇది ఒకటి, అంతే. పొటాషియం పడిపోవడం వంటివి వేరే ఉన్నాయి. 7.0 కంటే పైన ఉంటే సాధారణంగా ఇవ్వరు. ఒక్క వక్రరేఖ ఆధారంగా రోగికి హాని జరిగిందని తేల్చడం కష్టం, ఎందుకంటే శరీరం రక్తప్రవాహాన్ని పెంచి కొంత సర్దుకుంటుంది. ఇన్సులిన్, సెలైన్‌తో పీహెచ్ నిదానంగా పెరిగినప్పుడు కూడా డీపీజీ దానితో సమానంగా పెరగదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

నమూనా_గొట్టం

ల్యాబు వైపు నుంచి ఒక హెచ్చరిక. చాలా బ్లడ్ గ్యాస్ యంత్రాలు పీడనాన్నీ పీహెచ్‌నూ కొలిచి, సంతృప్తతను ఒక ప్రామాణిక వక్రరేఖ నుంచి లెక్కగట్టి చూపుతాయి. యంత్రానికి డీపీజీ గురించి తెలియదు. పైన చెప్పిన రోగి సిర రక్తంలో పీడనం 30, పీహెచ్ 7.4 అయితే, ఆ ప్రామాణిక లెక్క 58 శాతం అని చూపుతుంది. అదే నమూనాను కో-ఆక్సీమీటర్‌లో నేరుగా కొలిస్తే 77 దగ్గర వస్తుంది. ఆ రెండు అంకెల మధ్య తేడా కనిపిస్తే రేఖ ఎడమకు జరిగిందని తెలిసినట్లే. కొలిచిన 77, 30లను లెక్కల_పిచ్చి గారి సూత్రంలో తిరగేసి వేస్తే పీ50 19 పైచిలుకు వస్తుంది. ధమని నమూనాతో ఈ పని చేయకండి. అక్కడ రేఖ చదునుగా ఉంటుంది కాబట్టి రెండూ 97, 99 అని చెప్పి మిమ్మల్ని మోసం చేస్తాయి.

రెండో_సెమిస్టర్

మా వార్డులో లెక్కగట్టిన అంకెనే అందరూ కొలిచిన అంకెగా రాసుకుంటారు. రేపటి నుంచి నేను అడిగే ప్రశ్నల వల్ల నా ప్రాచుర్యం ఎలాగూ పెరగదు.

కొండదారి

నేను ఎత్తైన కొండలు ఎక్కుతుంటాను. అక్కడ అలవాటు పడే కొద్దీ డీపీజీ పెరిగి రేఖ కుడికి జరుగుతుందనీ, అందువల్ల కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ అందుతుందనీ మాకు చెబుతారు. ఈ చర్చ చదివాక అది కూడా అంతేనా అన్న అనుమానం వచ్చింది.

లెక్కల_పిచ్చి

అనుమానం సరైనదే. బాగా ఎత్తులో ధమని పీడనం 45, సిర పీడనం 20 అనుకోండి. పీ50 26.6 ఉంటే 80.5 నుంచి 31.6కి దిగుతుంది, అంటే 48.9 పాయింట్లు. పీ50ను 33.2కి జరిపితే 69.5 నుంచి 20.3కి, అంటే 49.2. లాభం సున్నా అన్నట్లే. ధమని పీడనమే నిటారు భాగంలోకి జారిపోయాక చదునైన పైభాగం ఇచ్చే రక్షణ ఉండదు, ఎక్కేటప్పుడు పోయినదీ దిగేటప్పుడు వచ్చినదీ సమానమవుతాయి. ఇంకా పైకి వెళితే నష్టమే. రెండో_సెమిస్టర్ గారు మొదట అడిగిన "ఒక చివర లాభం, మరో చివర నష్టం" అన్న భయం సముద్రమట్టం దగ్గర నిజం కాదు, అక్కడ నిజం.

ఒక జాగ్రత్త: 20 శాతం దగ్గర హిల్ సమీకరణం వాస్తవ రేఖ కంటే కొంచెం తక్కువ చూపుతుంది, కాబట్టి దశాంశాలను గట్టిగా పట్టుకోవద్దు.

ప్రోటీన్_మడత

హిమాలయాలను దాటి ఎగిరే, తల మీద నల్లని పట్టీలుండే బాతు హీమోగ్లోబిన్‌కు దాని పల్లపు బంధువుల కంటే ఆక్సిజన్ మీద పట్టు ఎక్కువ. పరిణామం అక్కడ ఎడమవైపునే ఎంచుకుంది. పైగా ఎత్తులో మనిషి గబగబా ఊపిరి పీల్చడం వల్ల పీహెచ్ పెరిగి రేఖను ఎడమకు లాగుతుంది, డీపీజీ కుడికి లాగుతుంది. మధ్యస్థమైన ఎత్తుల్లో ఈ రెండూ చాలావరకు సర్దుకుంటాయి.

కొండదారి

డీపీజీ పెరగడం అలవాటుపడడంలో భాగమే, కాని అది సాయపడుతుందో లేదో ఎత్తును బట్టి ఉంటుందని అర్థం చేసుకున్నాను.

సందేహాల_సంచి

ప్రోటీన్_మడత గారికి చివరి ప్రశ్న. 146వ హిస్టిడిన్ ఒక్కదానితోనే అర ప్రోటాన్ లెక్క సరిపోతుందా?

ప్రోటీన్_మడత

సరిపోదు. పీహెచ్ 7.2 దగ్గర, పీకేఏ 7 నుంచి 8కి మారితే ఒక్కో హిస్టిడిన్ మీద ప్రోటాన్ ఉండే వంతు 0.39 నుంచి 0.86కి పెరుగుతుంది, తేడా 0.47. ఎర్ర కణం లోపల పీహెచ్ కూడా 7.2 దగ్గరే ఉంటుంది కాబట్టి ఈ అంకె తీసుకున్నాను. ఒక అణువులో బీటా గొలుసులు రెండు, ఆక్సిజన్లు నాలుగు. అంటే ఒక్కో ఆక్సిజన్‌కు 0.24, మనకు కావలసిన దానిలో సగం. హిరోషిమా అనే పేరున్న హీమోగ్లోబిన్ రకంలో ఆ హిస్టిడిన్ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటుంది. అందులో ఆక్సిజన్ మీద పట్టు ఎక్కువ, బోర్ ప్రభావం తక్కువ. మిగిలిన సగం ఆల్ఫా గొలుసుల మొదట ఉన్న అమైనో సమూహాల నుంచీ, క్లోరైడ్, డీపీజీ అతుక్కునే ధనావేశ ప్రాంతాల నుంచీ వస్తుంది. ఎవరి వాటా ఎంత అన్నది ద్రావణంలో ఏ లవణం ఎంత ఉందన్న దాన్ని బట్టి మారుతుంది, అందుకే వేరువేరు ప్రయోగశాలలు 146వ హిస్టిడిన్‌కు వేరువేరు వాటాలు ఇచ్చాయి. దాని మీద దశాబ్దాల తరబడి వాదన నడిచింది.

గుండెచప్పుడు

మరి కార్బన్ డయాక్సైడ్ కూడా హీమోగ్లోబిన్‌కు నేరుగా అతుక్కుంటుంది కదా, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ప్రోటీన్_మడత

అది న్యాయమైన ప్రశ్న. గొలుసుల మొదట ఉన్న అమైనో సమూహాలకు అతుక్కుంటుంది, ఇనుముకు కాదు. పీహెచ్‌ను కదలకుండా ఉంచి కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రమే పెంచినా రేఖ కొద్దిగా కుడికి జరుగుతుంది. అందుకే లాక్టిక్ ఆమ్లంతో పీహెచ్ తగ్గించినప్పుడు వచ్చే వాలు, కార్బన్ డయాక్సైడ్‌తో తగ్గించినప్పుడు వచ్చే 0.48 కంటే కొంత తక్కువగా ఉంటుంది. కీటోఆమ్లత్వం రోగికి లెక్కల_పిచ్చి గారు 0.48నే వాడారు. నిజానికి అక్కడ కొంచెం చిన్న అంకె వాడాలి.

లెక్కల_పిచ్చి

0.40 వేసి చూశాను. పీ50 19.1కు బదులు 20.2 వస్తుంది, 40 మి.మీ. దగ్గర 88కు బదులు 86. కథ మారలేదు.